ఏ పివటింగ్ ఎంచుకోవాలి? చిన్న పివట్ చేసే నష్టం, గ్రోత్ ఫ్యాక్టర్ చెప్పే సంగతి

ముందు ఈ రెండు సమీకరణాలు చూడండి.

```
0.0001x + 2y = 4
     3x + 4y = 20
```

జాగ్రత్తగా సాధిస్తే x సుమారు 4.0003, y సుమారు 1.9998 వస్తాయి. ఇదే లెక్కను నాలుగు సార్థక అంకెలు మాత్రమే ఉంచుకునే యంత్రానికి ఇచ్చామనుకోండి. ప్రతి కూడికకీ, ప్రతి గుణకారానికీ అది ఫలితాన్ని నాలుగు అంకెలకు రౌండ్ చేస్తుంది.

వరుసలు ఇచ్చినవి ఇచ్చినట్టే తీసుకుంటే మొదటి పివట్, అంటే కిందివాటిలో xని తీసేయడానికి మనం భాగించే సంఖ్య, 0.0001. రెండో సమీకరణంలో xని తీసేయాలంటే మొదటిదాన్ని 3/0.0001, అంటే 30000 అనే మల్టిప్లయర్‌తో గుణించి తీసివేయాలి. అప్పుడు y ముందు మిగిలేది 4 − 60000 = −59996. నాలుగు అంకెలకు అది −60000 అవుతుంది. కుడివైపు 20 − 120000 = −119980, అదీ −120000 అయిపోతుంది. రెండూ భాగిస్తే y = 2. ఇది బాగానే ఉంది. ఈ yని మొదటి సమీకరణంలో పెడితే x = (4 − 4)/0.0001 = 0. రావాల్సింది 4, వచ్చింది సున్నా.

చాలామంది ఇక్కడ చివరి మెట్టును తప్పుపడతారు. దగ్గర దగ్గర సంఖ్యల్ని తీసివేసి చిన్న సంఖ్యతో భాగించాం కదా, అందుకే పాడైంది అంటారు. నిజానికి నష్టం అంతకుముందే జరిగిపోయింది. 4 − 60000 రౌండ్ అయిన క్షణంలో ఆ 4 మాయమైంది, 20 కూడా అంతే. రెండో సమీకరణం చెప్పే విషయమంతా ఆ రెండు అంకెల్లోనే ఉంది. నమ్మకం కుదరకపోతే రెండో సమీకరణాన్ని 3x − 3y = 45 అని మార్చి చూడండి. −3 − 60000 మళ్లీ −60000కే రౌండ్ అవుతుంది, 45 − 120000 మళ్లీ −120000కే. యంత్రం మళ్లీ x = 0, y = 2 అనే చెబుతుంది. కానీ ఈ కొత్త లెక్కలో అసలు x 17 దగ్గర ఉంటుంది. రెండు వేరువేరు ప్రశ్నలకు ఒకే జవాబు వచ్చిందంటే ప్రశ్నలోని సమాచారం మధ్యలో ఎక్కడో పోయిందన్నమాట. చిన్న పివట్ చేసే అసలు హాని ఇదే. దానివల్ల మల్టిప్లయర్ పెద్దదవుతుంది, ఆ మల్టిప్లయర్ తెచ్చిన భారీ సంఖ్యల కింద అసలు డేటా చెరిగిపోతుంది.

ఇప్పుడు వరుసలు తారుమారు చేసి 3ని పివట్‌గా తీసుకుందాం. మల్టిప్లయర్ 0.0001/3, అంటే 0.00003333. y ముందు 2 − 0.0001333, రౌండ్ చేస్తే 2.000. కుడివైపు 4 − 0.0006666, రౌండ్ చేస్తే 3.999. భాగించి రౌండ్ చేస్తే y = 2.000, దాని నుంచి x = (20 − 8)/3 = 4.000. యంత్రం అదే, అంకెలు అవే నాలుగు, వరుసల క్రమం ఒక్కటే మారింది. డేటాలోని చిన్న తేడా జవాబులో ఎన్ని రెట్లు పెరగగలదో చెప్పే కండిషన్ నంబర్ ఈ మాత్రికకు 7 మాత్రమే కాబట్టి లెక్కలో దోషమేమీ లేదు, తప్పంతా పద్ధతిదే.

చిన్నది అంటే దేనితో పోలిస్తే?

నేను మొదట్లో రాసుకున్న సాల్వర్‌లో ఇలాంటి లైన్ ఒకటి ఉండేది: పివట్ విలువ 1e-10 కంటే తక్కువైతే వరుస మార్చు, లేకపోతే అలాగే కానివ్వు. అప్పట్లో తెలివైన పనే అనిపించింది. కానీ మాత్రిక మొత్తాన్ని 1e-20తో గుణిస్తే పివట్‌లన్నీ ఆ హద్దు కిందికి వస్తాయి, లెక్క కష్టం మాత్రం రవ్వంత కూడా పెరగదు. కింద ఉన్నవన్నీ సున్నాలైతే 1e-20 పివట్ కూడా ఏ హానీ చేయదు, ఎందుకంటే మల్టిప్లయర్ సున్నా. మరోవైపు పివట్ 0.001, దాని కింద 5000 ఉంటే ఆ లైన్ నోరు మెదపదు. కాబట్టి చూడాల్సింది పివట్ విలువను కాదు, అదే నిలువు వరుసలో దాని కింద ఉన్నవాటితో దాని నిష్పత్తిని. పార్షియల్ పివటింగ్ చేసేది అదే. ప్రతి మెట్టులో ఆ నిలువు వరుసలో మిగిలినవాటిలో గుర్తు వదిలేసి అతిపెద్దదాన్ని వెతికి, ఆ అడ్డువరుసను పైకి తెస్తుంది. అప్పుడు ఏ మల్టిప్లయరూ 1 దాటదు.

గ్రోత్ ఫ్యాక్టర్‌తో కొలవడం

ఎలిమినేషన్ జరుగుతుండగా ఎక్కడైనా కనిపించిన అతిపెద్ద సంఖ్యను, మొదటి మాత్రికలోని అతిపెద్ద సంఖ్యతో భాగిస్తే వచ్చేదే గ్రోత్ ఫ్యాక్టర్. పై ఉదాహరణలో పివటింగ్ లేనప్పుడు అది 60000/4 = 15000. వరుసలు మార్చాక 1.

దీన్ని యంత్రపు రౌండింగ్ ప్రమాణంతో గుణించి చూడాలి. నాలుగు అంకెల యంత్రానికి ఆ ప్రమాణం 0.0005, గుణిస్తే 7.5. ఇది 1 దాటిందంటే అసలు డేటాలో ఏమీ మిగలకపోవచ్చు. డబుల్ ప్రెసిషన్‌లో ఆ ప్రమాణం సుమారు 1.1e-16. అక్కడ 15000 గ్రోత్ పోగొట్టేది పదహారు అంకెల్లో నాలుగే, పన్నెండు మిగిలే ఉంటాయి. పివటింగ్ లేని కోడ్ ఏళ్ల తరబడి ఎవరికీ దొరకకుండా తిరగడానికి కారణం ఇదే. టెస్టుల్లో పివట్ ఎప్పుడూ 0.0001 కంటే చిన్నది కాకపోతే జవాబు బాగానే కనిపిస్తుంది. పై లెక్కలో 0.0001 బదులు 1e-20 పెట్టి డబుల్‌లో నడపండి. సరిగ్గా అదే x = 0 వస్తుంది.

ఈ లెక్కను 1961లో జేమ్స్ విల్కిన్సన్ ఒక కొలిక్కి తెచ్చాడు. సారాంశం ఇది: మనకు వచ్చిన జవాబు అసలు మాత్రికకు కాకపోయినా, దానికి దగ్గరలోని మరో మాత్రికకు కచ్చితమైన జవాబు. ఎంత దగ్గర అన్నది గ్రోత్ ఫ్యాక్టర్ నిర్ణయిస్తుంది. ఆ చిన్న తేడా జవాబులో ఎంత పెద్ద తేడాగా బయటపడుతుందన్నది కండిషన్ నంబర్ నిర్ణయిస్తుంది. ఈ రెండింటినీ విడివిడిగా చూడటం అలవాటు చేసుకుంటే పద్ధతి ఎంచుకోవడం సగం అయిపోయినట్టే. గ్రోత్ పద్ధతి తప్పు, దాన్ని మనం మార్చుకోగలం. కండిషన్ లెక్కకు ఉన్న లక్షణం, ఏ పివటింగూ దాన్ని బాగుచేయదు.

పివటింగ్ మానేయొచ్చా?

కొన్నిచోట్ల నిశ్చింతగా మానేయొచ్చు. మాత్రిక సిమెట్రిక్ పాజిటివ్ డెఫినిట్ అయితే గ్రోత్ 1 దాటదు. అక్కడ గాసియన్ ఎలిమినేషన్ కూడా అక్కర్లేదు, చొలెస్కీ వాడితే సగం పనితో అయిపోతుంది. డయాగొనల్ మిగతావాటిని మించి ఉంటే, అంటే గుర్తులు వదిలేసి చూస్తే ప్రతి నిలువు వరుసలో వికర్ణం మీద ఉన్న సంఖ్య మిగతావాటి మొత్తం కంటే పెద్దదైతే, గ్రోత్ 2 దాటదు. ఉష్ణ ప్రసరణ లాంటి వాటిని గ్రిడ్ మీద వేసినప్పుడు వచ్చే మాత్రికలు తరచుగా ఈ రెండు జాతుల్లోవే.

ఈ గ్యారంటీ లేనిచోట పివటింగ్ మానేస్తే మిగిలేది ఎంత? డెన్స్ మాత్రికలో పార్షియల్ పివటింగ్‌కు అదనంగా అయ్యేవి సుమారు n²/2 పోలికలు, ఎలిమినేషన్‌కు పట్టే పని 2n³/3. n = 1000 అయితే అయిదు లక్షల పోలికలు, దాని ఎదుట 67 కోట్ల లెక్కలు. ఒకే ప్రాసెసర్ మీద ఆదా అయ్యేది లెక్కలోకి రాదు. వేల ప్రాసెసర్ల మధ్య నిలువు వరుసను పంచి ఉంచినప్పుడు మాత్రం ప్రతి మెట్టుకీ అందరూ మాట్లాడుకోవాల్సిన సమయం నిజంగానే బరువవుతుంది. అక్కడి బాధ వేరు.

పార్షియల్ పివటింగ్ ఎంతవరకు నమ్మొచ్చు?

మల్టిప్లయర్ 1 దాటదన్నాం కదా. అంటే ఒక మెట్టులో ఏ సంఖ్యా రెట్టింపు కంటే పెరగదు. కానీ ప్రతి మెట్టులోనూ రెట్టింపైతే? n − 1 మెట్లు కాబట్టి సైద్ధాంతిక హద్దు 2ⁿ⁻¹. ఆ హద్దును నిజంగా తాకే మాత్రికను కూడా విల్కిన్సనే చూపించాడు. నాలుగు వరుసలకు అది ఇలా ఉంటుంది.

```
 1  0  0  1
-1  1  0  1
-1 -1  1  1
-1 -1 -1  1
```

మొదటి నిలువు వరుసలో అన్నీ ఒకే పరిమాణంలో ఉన్నాయి కాబట్టి వరుస మార్పు జరగదు. మొదటి వరుసను కిందివాటికి కలిపితే చివరి నిలువు వరుసలో 1, 2, 2, 2 వస్తాయి. తర్వాతి మెట్టులో 1, 2, 4, 4. ఆ తర్వాత 1, 2, 4, 8. అరవై వరుసలైతే 2⁵⁹. డబుల్‌లో ఉండేవి 53 బిట్లే కాబట్టి డేటా కొట్టుకుపోయినట్టే. మీరే నడిపి చూడొచ్చు.

```python
import numpy as np
from scipy.linalg import lu
n = 60
A = np.eye(n) - np.tril(np.ones((n, n)), -1)
A[:, -1] = 1
x = np.random.rand(n)
xs = np.linalg.solve(A, A @ x)
print(np.abs(xs - x).max(), np.linalg.cond(A))
P, L, U = lu(A)
print(np.abs(U).max() / np.abs(A).max())
```

కండిషన్ నంబర్ 30 కూడా దాటదు, జవాబులో తప్పు మాత్రం xతో పోల్చదగ్గంత ఉంటుంది. చివరి లైన్ గ్రోత్‌ను అంచనా వేస్తుంది. ఎలిమినేషన్ ముగిశాక మిగిలే పై త్రిభుజ మాత్రిక U ఎలాగూ చేతిలో ఉంటుంది కాబట్టి ఈ పరీక్షకు అయ్యే ఖర్చు దాదాపు సున్నా.

ఇంత చెడ్డ హద్దున్న పద్ధతిని numpy నుంచి మాత్రిక లెక్కల లైబ్రరీ LAPACK దాకా అందరూ ఎందుకు డిఫాల్ట్‌గా పెట్టుకున్నారంటే, ఇలాంటి మాత్రికలు నిజ జీవితంలో చాలా అరుదు. లాయిడ్ ట్రెఫెతెన్, రాబర్ట్ ష్రైబర్ 1990లో ర్యాండమ్ మాత్రికల మీద చేసిన ప్రయోగాల్లో సగటు గ్రోత్ సుమారు n²ᐟ³ లాగా పెరిగింది. n = 1000కు అది 100, అంటే రెండు అంకెల నష్టం. సైద్ధాంతిక హద్దు రాయాలంటే 301 అంకెలు కావాలి. నాకు ఈ తేడా ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

అరుదు అన్నాను, అసలు లేవని కాదు. రెండు చివర్ల షరతులున్న అవకలన సమీకరణాలను మల్టిపుల్ షూటింగ్‌తో సాధిస్తే ఇలాంటి మాత్రికలు రావొచ్చని స్టీఫెన్ రైట్ 1993లో చూపించాడు. వోల్టెరా ఇంటెగ్రల్ సమీకరణాల నుంచి వచ్చేవాటిని లెస్లీ ఫాస్టర్ 1994లో చూపించాడు. మీ పని ఈ రెండు రకాల్లో ఒకటైతే గ్రోత్ పరీక్షను కోడ్‌లో శాశ్వతంగా పెట్టేయండి.

పార్షియల్ పివటింగ్‌ను మోసం చేసే స్కేలింగ్

నా అనుభవంలో విల్కిన్సన్ మాత్రిక కంటే ఎక్కువగా తగిలేది ఈ చిక్కు. మొదటి ఉదాహరణలోని మొదటి సమీకరణాన్ని లక్షతో గుణిద్దాం. కిలోమీటర్లలో రాసినదాన్ని ఎవరో సెంటీమీటర్లలోకి మార్చారనుకోండి.

```
10x + 200000y = 400000
 3x +      4y = 20
```

10 పెద్దదా 3 పెద్దదా అని అడిగి పార్షియల్ పివటింగ్ సంతోషంగా 10ని ఎంచుకుంటుంది. మల్టిప్లయర్ 0.3, చూడ్డానికి చాలా మర్యాదగా ఉంది. 4 − 60000 మళ్లీ −60000, 20 − 120000 మళ్లీ −120000. y = 2, x = 0. పివటింగ్ చేసినా సరిగ్గా అదే తప్పు.

గ్రోత్ ఫ్యాక్టర్ ఇక్కడ 1 అని చూపిస్తుంది, ఎందుకంటే మాత్రికలో 200000 మొదటి నుంచీ ఉంది. కండిషన్ నంబర్ మాత్రం 7 నుంచి 66,000 పైకి ఎగబాకింది. అంటే గ్రోత్ బాగుంది, కండిషన్ బాగాలేదు, కాబట్టి లెక్కే చెడ్డదని తేల్చేస్తే పొరపాటు. ఆ కండిషన్ యూనిట్లు తెచ్చిపెట్టింది, లెక్క స్వభావం కాదు.

దీన్ని పట్టుకోవడానికి రెసిడ్యువల్‌ను వరుసవారీగా చూడాలి. వచ్చిన జవాబు (0, 2)ను పెడితే మొదటి వరుసలో తేడా 0, రెండో వరుసలో 12. మాత్రిక మొత్తం పరిమాణంతో భాగిస్తే 12/800000, అంటే 0.000015. నాలుగు అంకెల యంత్రానికి ఇది అద్భుతంగా కనిపిస్తుంది. అదే 12ను రెండో వరుసలోని పరిమాణంతోనే, అంటే 3·0 + 4·2 + 20 = 28తో భాగిస్తే 0.43. రెండో సమీకరణం అసలు తీరనేలేదని అప్పుడు తెలుస్తుంది. LAPACKలో dgesvx ఇచ్చే berr ఈ వరుసవారీ కొలతే. అదే రొటీన్ పివట్ గ్రోత్‌నూ, కండిషన్ అంచనానూ కూడా ఇస్తుంది కాబట్టి అనుమానం ఉన్న లెక్కకు నేను dgesv వదిలేసి దీన్నే పిలుస్తాను.

మందు స్కేల్డ్ పార్షియల్ పివటింగ్. ప్రతి వరుసలోని అతిపెద్ద సంఖ్యను మొదట్లోనే రాసిపెట్టుకుని, పివట్ అభ్యర్థిని దానితో భాగించి పోల్చాలి. ఇక్కడ 10/200000 = 0.00005, 3/4 = 0.75. రెండో వరుస గెలుస్తుంది, జవాబు సరిగ్గా వస్తుంది. dgesvxకు FACT='E' ఇస్తే వరుసల్నీ, నిలువు వరుసల్నీ ముందే ఒక స్థాయికి తెచ్చి పని మొదలుపెడుతుంది, దాదాపు అదే ఫలితం. ఒకే మాత్రికలో మీటర్లు, పాస్కల్‌లు, కెల్విన్‌లు కలిసి ఉంటే ఈ మెట్టు వదలొద్దు. సాధ్యమైతే సమీకరణాలు రాసేటప్పుడే యూనిట్లు సరిచేసుకోవడం ఇంకా మంచిది, ఎందుకంటే ఏ వరుసకు ఎంత ప్రాముఖ్యమో యంత్రానికి తెలియదు, మీకు తెలుసు.

కంప్లీట్, రూక్, లేదా ఏకంగా QR

కంప్లీట్ పివటింగ్ ప్రతి మెట్టులో మిగిలిన మాత్రిక మొత్తంలో అతిపెద్దదాన్ని వెతుకుతుంది, అడ్డువరుసల్నీ నిలువు వరుసల్నీ రెండింటినీ మారుస్తుంది. విల్కిన్సన్ మాత్రిక మీద దీని గ్రోత్ 2 దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే రెండో మెట్టులోనే ఆ ఉబ్బుతున్న చివరి నిలువు వరుసను ముందుకు లాగేస్తుంది. రియల్ మాత్రికలకు దీని గ్రోత్ ఎప్పుడూ n దాటదని చాలాకాలం అనుకున్నారు. 1991లో నిక్ గౌల్డ్ 13 వరుసల మాత్రికతో 13ను కాస్త దాటించాడు, మరుసటి ఏడాది అలన్ ఎడెల్మన్ దాన్ని కచ్చితమైన అంకగణితంలో నిర్ధారించాడు. ఏదేమైనా వాడుకలో ఇది చాలా భద్రమైన పద్ధతి.

ధర మాత్రం గట్టిది. పోలికలే n³/3 అవుతాయి, అంటే వెతుకులాట ఎలిమినేషన్‌తో పోటీపడుతుంది. పైగా ప్రతి మెట్టుకీ మాత్రిక మొత్తం చూడాల్సి రావడంతో బ్లాకులుగా పనిచేసి వేగం సాధించే వీలు పోతుంది. LAPACKలో dgetc2 ఉంది కానీ అది చిన్న మాత్రికలకు ఉద్దేశించింది. రూక్ పివటింగ్ మధ్యేమార్గం: తన అడ్డువరుసలోనూ నిలువు వరుసలోనూ కూడా పెద్దదైన సంఖ్య దొరికేదాకా చదరంగంలో ఏనుగులా అటూ ఇటూ కదులుతుంది. మామూలుగా రెండు మూడు కదలికల్లో దొరికేస్తుంది కాబట్టి వెతుకులాట n² స్థాయిలోనే ఉంటుంది.

అయితే గ్రోత్ నిజంగా పేలిపోతున్న డెన్స్ మాత్రిక ఎదురైతే నేను ఈ రెండిటి జోలికీ పోను, QR వాడతాను. హౌస్‌హోల్డర్ QRలో గ్రోత్ అనే సమస్యే లేదు, ఎందుకంటే ప్రతి మెట్టూ పొడవును మార్చని తిప్పడం లాంటిది. పని 4n³/3, ఎలిమినేషన్‌కు సరిగ్గా రెట్టింపు. బాగా ట్యూన్ చేసిన కోడ్ ఎక్కడైనా దొరుకుతుంది. రూక్ పివటింగ్‌ను సొంతంగా రాసి డీబగ్ చేసుకునే కంటే ఆ రెట్టింపు భరించడం చౌక.

గ్రోత్ మరీ పెద్దది కాకపోతే, ఉదాహరణకు డబుల్‌లో 10⁵ స్థాయిలో ఉంటే, పద్ధతి మార్చనక్కర్లేదు. అదే LUతో ఒక విడత ఇటరేటివ్ రిఫైన్‌మెంట్ చేస్తే చాలు: రెసిడ్యువల్ లెక్కించి, దానికి జవాబు కనుక్కుని, xకు కలపడం. ఒక విడతకు అయ్యేది n² స్థాయి పనే. గ్రోత్, రౌండింగ్ ప్రమాణం లబ్ధం 1 దగ్గరకు వెళ్లినప్పుడు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు, దిద్దుబాటు కూడా అదే పాడైన LU నుంచి వస్తుంది కదా.

స్పార్స్ మాత్రికలైతే

ఎక్కువ భాగం సున్నాలే ఉండే ఈ మాత్రికల్లో తూకం మారుతుంది. వరుస మార్చిన ప్రతిసారీ సున్నాలున్న చోట కొత్త సంఖ్యలు పుట్టి మెమరీ ఉబ్బే ప్రమాదం ఉంది. అందుకే త్రెషోల్డ్ పివటింగ్ వాడతారు: నిలువు వరుసలోని అతిపెద్దదానిలో కనీసం ఒక వంతు ఉంటే చాలు, సున్నాల్ని కాపాడే పివట్‌నే తీసుకుంటారు. స్పార్స్ సాల్వర్ UMFPACKలో ఆ వంతు డిఫాల్ట్‌గా 0.1. అంటే మల్టిప్లయర్ 10 దాకా వెళ్లొచ్చు, ఒక మెట్టులో పెరుగుదల 2 రెట్ల బదులు 11 రెట్ల దాకా ఉండొచ్చు. చాలా లెక్కలకు ఇది సరిపోతుంది. SciPyలో splu వాడేవాళ్లకు ఇలాంటి మీటే diag_pivot_thresh పేరుతో ఉంటుంది, అయితే అది వికర్ణం మీది సంఖ్యకే వర్తిస్తుంది.

0.1తో మొదలుపెట్టి వరుసవారీ రెసిడ్యువల్ చూడండి. ఒకటి రెండు రిఫైన్‌మెంట్ల తర్వాత అది 1e-15 దగ్గరకు దిగితే ఇంకేమీ ముట్టుకోవద్దు. దిగకుండా 1e-8 దగ్గరో 1e-6 దగ్గరో ఆగిపోతే ముందు స్కేలింగ్ సరిచూసి, తర్వాత త్రెషోల్డ్‌ను 0.5కు, అప్పటికీ కాకపోతే 1కి పెంచి మళ్లీ ఫ్యాక్టర్ చేయండి. 1 పెట్టారంటే అది మామూలు పార్షియల్ పివటింగే. ఒక్కో పెంపుకు L, Uలలో సున్నా కానివి ఎన్ని పెరిగాయో పక్కన రాసి పెట్టుకోండి, ఎంతవరకు భరించగలరో మీ మెమరీయే చెబుతుంది.